ఇంటందరికీ ఒకటే బాత్రూమ్: తడి పొడి ఎలా విడగొట్టాలి, బేసిన్ బయటికి తేవాలా వద్దా

ఇంట్లో ఐదారుగురికి ఒకటే బాత్రూమ్ ఉంటే పొద్దున పూట రెండు రకాల ఇబ్బంది ఉంటుంది, ఒకటి లైను, రెండోది తడి. ఒకళ్ళు స్నానానికి వెళ్తే ఇంకొకళ్ళు పళ్ళు తోముకోడానికి కూడా ఆగాలి, అది లైను. మొదటి మనిషి స్నానం అవ్వగానే తలుపు దాకా ఫ్లోరంతా నీళ్ళు, తర్వాత టాయిలెట్‌కి వెళ్ళేవాళ్ళు ప్యాంటు మడుచుకుని మునివేళ్ళ మీద నడవాలి, ఆ తడికాళ్ళతోనే హాల్లోకి రావాలి, అది రెండోది. ఈ రెండూ వేరు వేరు సమస్యలు, వీటికి మందులు కూడా వేరు. చాలామంది గ్లాస్ పార్టిషన్ పెట్టిస్తే అంతా సెట్ అవుతుంది అనుకుని ముందు గ్లాస్ షాపుకే వెళ్తారు, గ్లాస్ వల్ల లైను ఒక్క నిమిషం కూడా తగ్గదు, ఫ్లోర్ వాటం తప్పుగా ఉంటే తడి కూడా తగ్గదు ఎందుకంటే నీళ్ళు గ్లాస్ కింద నుంచి వచ్చేస్తాయి.

నేను సైట్లు చూసుకునే పనిలో ఉన్నాను కాబట్టి ఇలాంటి బాత్రూమ్‌లు కొత్తవీ పాతవీ చాలానే చూశా. ఉమ్మడిగా వాడే బాత్రూమ్‌కి నేను చెప్పే వరస ఇది: ముందు బేసిన్ బయటికి తెచ్చుకోండి, తర్వాత నీళ్ళు ఎటు పోతున్నాయో సరిచేయించండి, ఆ తర్వాతే మధ్యలో ఏం అడ్డం పెట్టాలి అనేది ఆలోచించండి. ఎందుకు ఈ వరసో కింద చెప్తాను, ఎవరికి ఏది కుదురుతుందో కూడా.

ముందు మీ బాత్రూమ్‌లో నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి

ఫ్లోర్ పూర్తిగా ఆరిపోయాక స్నానం చేసే మూల నిలబడి ఒక బకెట్ నీళ్ళు నెమ్మదిగా కుమ్మరించండి, మధ్యలో వైపర్ పెట్టకండి, చీపురు పెట్టకండి, ఊరికే చూడండి. నీళ్ళు నేరుగా జాలీ దగ్గరికి పోయి దిగిపోతున్నాయా లేకపోతే కమోడ్ చుట్టూ తిరిగి, తలుపు దగ్గరదాకా వచ్చి అక్కడ నుంచి జాలీకి పోతున్నాయా అనేది తెలిసిపోతుంది. పది నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి, ఎక్కడైనా మడుగు కట్టి ఉంటే అక్కడ టైల్ కిందకి దిగి ఉందని అర్థం, చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకోండి.

పాత ఇళ్ళలో నేను ఎక్కువగా చూసేది ఏంటంటే ట్రాప్, అంటే జాలీ కింద నీళ్ళు దిగే గిన్నె, తలుపు దగ్గరో బేసిన్ కిందో ఉంటుంది, స్నానం చేసే చోటేమో లోపల కిటికీ కింద ఉంటుంది. అంటే స్నానం నీళ్ళన్నీ బాత్రూమ్ మొత్తం ప్రయాణం చేసి గానీ బయటికి పోవు. ఇలాంటి చోట మీరు మధ్యలో ఎంత ఖరీదైన గ్లాస్ పెట్టినా ఆ నీళ్ళకి దారి కావాలి కదా, గ్లాస్ కింద సందు వదలాలి, వదిలితే పొడి అన్న వైపే మళ్ళీ తడి. సందు వదలకుండా సిలికాన్‌తో మూసేస్తే స్నానం చేసే వైపు చీలమండ దాకా నీళ్ళు నిలుస్తాయి. అందుకే ట్రాప్ ఎక్కడుంది అనేదే అసలు విషయం. స్నానం చేసే భాగంలో దాని ట్రాప్ దానికి ఉండాలి, అది కూడా తలుపుకి దూరంగా ఉండే మూలలో ఉంటే మంచిది.

వాటం ఎంత ఉండాలి అని అడిగితే మేస్త్రీలు కంటిచూపుతో చెప్తారు, నేను మాత్రం కొలత అడగమంటా. స్నానం వైపు ఎనభైకి ఒకటి చొప్పున పెట్టించండి, అంటే నాలుగు అడుగుల దూరానికి సుమారు పదిహేను మిల్లీమీటర్లు, అర అంగుళం కన్నా కొంచెం ఎక్కువ. పొడి వైపు వందకి ఒకటి సరిపోతుంది. అంతకన్నా తగ్గిస్తే నీళ్ళు కదలవు, మరీ ఎక్కువ పెడితే పెద్దవాళ్ళకి కాలు నిలవదు, పీట కూడా ఊగుతుంది. రెండు అడుగుల పెద్ద టైల్స్ వేస్తే నాలుగు వైపుల నుంచీ ఒక మూలకి వాటం తేవడం కష్టం, ఎక్కడో ఒకచోట టైల్ అంచు లేస్తుంది, అందుకని స్నానం వైపు అడుగు టైల్సో ఇంకా చిన్నవో వేయించండి, గట్లు ఎక్కువ ఉంటాయి కాబట్టి కాలికి పట్టు కూడా ఉంటుంది.

పొడి వైపుకి కూడా ట్రాప్ కావాలా

ఇది చాలామంది మర్చిపోయే విషయం, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా. పొడి వైపు అంటాం గానీ మన ఇళ్ళలో అక్కడ కూడా నీళ్ళు పడతాయి, కమోడ్ పక్కన జెట్ స్ప్రే ఉంటుంది, చిన్నపిల్లల్ని కడుగుతాం, వారానికి రెండుసార్లు ఫినాయిల్ పోసి కమోడ్ చుట్టూ కడుగుతాం. మధ్యలో గట్టు కట్టేస్తే ఆ నీళ్ళు గట్టుకి ఇవతల ఆగిపోతాయి, తర్వాత వైపర్‌తో గట్టు దాటించాలి, అది ఎవ్వరూ రోజూ చేయరు. కాబట్టి గట్టు కట్టాలి అంటే పొడి వైపు ఇంకో ట్రాప్ ఉండి తీరాలి. అది కుదరదు అంటే గట్టు మానేసి, స్నానం వైపు ఫ్లోర్‌ని పొడి వైపు కన్నా అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా కిందకి దింపి, పొడి వైపు వాటం కూడా దాంట్లోకే ఇవ్వాలి, అప్పుడు ఒక్క ట్రాప్‌తో పని అయిపోతుంది.

రెండు ట్రాప్‌లు పెడితే ఇంకో చిక్కు ఉంది. ట్రాప్‌లో ఎప్పుడూ సుమారు రెండు అంగుళాల లోతు నీళ్ళు నిలిచి ఉంటాయి, కింద పైపులో వాసన, బొద్దింకలు పైకి రాకుండా ఆపేది ఆ నీళ్ళే. పొడి వైపు ట్రాప్‌లోకి రోజూ నీళ్ళు పోవు కాబట్టి ఎండాకాలంలో అవి ఆవిరైపోతాయి, అప్పుడు శుభ్రంగా ఉన్న బాత్రూమ్‌లో కూడా డ్రైనేజీ కంపు వస్తుంది, ప్లంబర్‌ని పిలిస్తే కమోడ్ లీకేమో అని అది విప్పుతాడు. మీకు ఇలాంటి వాసన వస్తుంటే ముందు ఆ జాలీలో ఒక మగ్గు నీళ్ళు పోసి ఒక గంట ఆగి చూడండి, వాసన తగ్గితే కారణం అదే. శాశ్వతంగా తగ్గాలి అంటే బేసిన్ నీళ్ళు ఆ ట్రాప్‌లోకే వచ్చి పడేలా పక్కన ఇన్‌లెట్ ఉన్న ట్రాప్ పెట్టించాలి, పొద్దున అందరూ మొహాలు కడుగుతారు కాబట్టి దాంట్లో నీళ్ళు ఎప్పుడూ ఆరవు.

మధ్యలో ఏం పెట్టాలి: కర్టెన్, గట్టు, అరగోడ, గ్లాస్

ఇక్కడ మొదట మీరు ఎలా స్నానం చేస్తారో చూసుకోండి. షవర్ కింద నిలబడి చేసేవాళ్ళకీ, బకెట్ మగ్గుతో పీట మీద కూర్చుని చేసేవాళ్ళకీ కావాల్సినవి వేరు. షవర్ నీళ్ళు ఎత్తు నుంచి పడి ఒంటి మీద నుంచి చిమ్ముతాయి కాబట్టి నిలువునా ఎత్తుగా అడ్డం కావాలి. కూర్చుని మగ్గుతో పోసుకుంటే చిమ్మేది ఎక్కువగా మోకాలు ఎత్తు లోపే, కానీ నేల మీద పారే నీళ్ళు ఒక్కసారిగా ఎక్కువ వస్తాయి, దానికి గ్లాస్ కన్నా నేల సరిగ్గా ఉండటమే ముఖ్యం. తలంటు రోజున నుంచుని చెంబుతో గుమ్మరించుకుంటే మాత్రం మూడు అడుగుల దాకా చిమ్ముతుంది, అది రోజూ ఉండేది కాదు.

కర్టెన్ అన్నిటికన్నా చవక, ఖర్చు వందల్లోనే పోతుంది, అద్దె ఇంట్లో కూడా పెట్టుకోవచ్చు, పెద్దవాళ్ళకి ఎవరైనా లోపలికి వెళ్ళి సాయం చేయాలన్నా అడ్డం ఉండదు. బిగించి పెట్టే రాడ్ కన్నా గోడకి స్క్రూలు కొట్టిన రాడ్ మంచిది, ఎందుకంటే కాలు జారినప్పుడు మనిషి మొదట పట్టుకునేది కర్టెన్‌నే, బిగించిన రాడ్ ఊడి తల మీద పడుతుంది. కర్టెన్ కింది అంచు స్నానం వైపే ఉండాలి, చాలా ఇళ్ళలో అది బయటికి వేలాడుతూ ఉంటుంది, దాని మీద నుంచి కారిన నీళ్ళు పొడి వైపే పడతాయి. నేలకి రెండు అంగుళాలు పైన ఆగేలా కొనుక్కోండి, నేలని తాకితే కింద అంచు నల్లబడుతుంది. బకెట్ స్నానం చేసేవాళ్ళకి తడి కర్టెన్ ఒంటికి అంటుకోవడం చిరాకు, దానికి కాస్త బరువైన పాలిస్టర్ కర్టెన్ తీసుకుంటే నయం.

గట్టు అంటే ఇప్పుడు ఎక్కువమంది నల్ల గ్రానైట్ పట్టీ అంటిస్తున్నారు, రెండు అంగుళాల ఎత్తు, మూడు అంగుళాల వెడల్పు, టైల్ తవ్వాల్సిన పని లేకుండా పాత టైల్ మీదే పెట్టొచ్చు. పారే నీళ్ళని ఇది బాగా ఆపుతుంది. కానీ దీన్ని సిమెంట్ పాలతో అంటించి వదిలేస్తే ఏడాది తిరక్కుండా కింద సన్న సందు వస్తుంది, అక్కడ నుంచి నీళ్ళు ఇవతలకి ఊరతాయి, గట్టు పక్కన ఎప్పుడూ ఒక తడి గీత కనిపిస్తుంటే అదే సంగతి. పాత టైల్‌ని గరుకు చేసి, ఎపాక్సీతోనో మంచి టైల్ అడ్హెసివ్‌తోనో పెట్టి, రెండు వైపులా బూజు పట్టని సిలికాన్ కొట్టించాలి. పాలరాయి పెట్టకండి, నీళ్ళు పీల్చి పసుపు రంగుకి తిరుగుతుంది. ఇంట్లో డెబ్బై దాటినవాళ్ళు ఉంటే, మోకాళ్ళు ఎత్తలేనివాళ్ళు ఉంటే నేను గట్టు వద్దనే చెప్తా, రెండు అంగుళాలు మనకి లెక్కలో ఉండదు గానీ పాదం ఈడ్చి నడిచేవాళ్ళకి అది సరిగ్గా బొటనవేలికి తగులుతుంది. వాళ్ళున్న ఇంట్లో ఫ్లోర్ దింపడమే మంచిది, అది కూడా రెండు వైపులా వేరే వేరే రంగు టైల్స్ వేస్తేనే, ఒకే రంగు అయితే చూపు తగ్గినవాళ్ళకి ఆ అర అంగుళం దిగుడు కనపడదు.

అరగోడ నాకు ఇష్టమైన పద్ధతి, ఇప్పుడు ఎవరూ అడగట్లేదు గానీ. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ నాలుగు అడుగుల ఎత్తు కట్టి రెండు వైపులా టైల్ వేస్తే మొత్తం ఆరు అంగుళాల మందం వస్తుంది, ఆ ఆరు అంగుళాల చోటు పోతుంది. కానీ పైన సబ్బు షాంపూ పెట్టుకోవచ్చు, మగ్గు చిమ్ముళ్ళన్నీ ఆపుతుంది, ముఖ్యంగా దానికి పట్టుకునే స్టీల్ రాడ్ బిగించవచ్చు, కూర్చుని లేచే పెద్దవాళ్ళకి అది ఎంత ధైర్యమో చెప్పలేను. కాకపోతే దాని మీద బరువు వేసి లేస్తారు కాబట్టి చివర గాల్లో వదిలేయకుండా ఒక వైపు పెద్ద గోడలోకి ఇటుకలు కలిపి కట్టించాలి. పై అంతస్తులో అయితే ఇష్టం వచ్చిన చోట గోడ లేపకుండా ఇంజినీర్‌ని ఒకసారి అడిగి కట్టించండి.

గ్లాస్ చూడ్డానికి బాగుంటుంది, వెలుతురు ఆపదు, చోటు తినదు, షవర్ వాడే ఇంటికి నిజంగా పనికొస్తుంది. కానీ ఖర్చు పదివేలు దాటే మొదలవుతుంది, స్లైడింగ్ తలుపుతో అయితే ఇంకా పైకి పోతుంది. కదలని గ్లాస్ అయితే ఎనిమిది మిల్లీమీటర్ల టఫెన్డ్ సరిపోతుంది, తలుపు తిరిగేదైతే పది పెట్టించండి. టఫెన్డ్ గ్లాస్‌ని ఒకసారి తయారయ్యాక కోయడం, బెజ్జం వేయడం కుదరదు, పగిలిపోతుంది, కాబట్టి టైల్స్ పని పూర్తి అయ్యాక, పైనా కిందా మధ్యలో మూడు చోట్ల కొలిచి ఆర్డర్ ఇవ్వాలి, గోడలు ఎప్పుడూ నిలువుగా ఉండవు. బోర్ నీళ్ళు వాడే ఇంట్లో ప్రతి స్నానం తర్వాత వైపర్‌తో గీయకపోతే కొన్ని వారాల్లోనే తెల్ల మచ్చలు పడతాయి, ఆరుగురు వాడే బాత్రూమ్‌లో ఆ పని ఎవరు చేస్తారు అనేది ముందే తేల్చుకోండి, నేను చూసినంతవరకు అది ఇంట్లో ఆడవాళ్ళ మీదే పడుతుంది. బకెట్ స్నానం చేసేవాళ్ళకి గ్లాస్ క్యాబిన్ లోపల మూడు అడుగులకి మూడు అడుగులైనా ఖాళీ ఉండాలి, బకెట్, పీట, చేతులు చాపుకునే చోటు కలిపి. అది లేకపోతే మోచేతులు గ్లాస్‌కి కొట్టుకుంటాయి, లోపలికి తెరిచే తలుపైతే బకెట్‌కి తగులుతుంది.

గ్లాస్ పెట్టినా, వేరే ఏది పెట్టినా సీలింగ్ దాకా మూయకండి, ఆరున్నర అడుగుల దగ్గర ఆపేయండి, పైన గాలి ఆడాలి. గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపలే ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి, అక్కడ అసలు ఏ పార్టిషనూ పెట్టకముందే గీజర్‌ని బయట గాలి తగిలే చోటికి మార్పించండి, మూసిన చిన్న గదిలో అది మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషి తెలియకుండానే పడిపోతాడు, ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి.

పూర్తిగా రెండు గదులు చేసేస్తే

పొద్దున ఒకళ్ళు స్నానం చేస్తుంటే ఇంకొకళ్ళు టాయిలెట్‌కి వెళ్ళగలగాలి అంటే కర్టెన్ గానీ గ్లాస్ గానీ పనికిరావు, గోడే కట్టాలి. వెనకటి పెరటి ఇళ్ళలో స్నానాల గది వేరు, దొడ్డి వేరు ఉండేవి, అదే పద్ధతి. నేషనల్ బిల్డింగ్ కోడ్ లెక్కలో స్నానాల గదికి 1.8 చదరపు మీటర్లు, టాయిలెట్‌కి 1.1 చదరపు మీటర్లు కనీసం ఉండాలి, అంటే సుమారు 20 చదరపు అడుగులు, 12 చదరపు అడుగులు. మీది ఎనిమిది అడుగులకి ఐదు అడుగుల బాత్రూమ్ అనుకోండి, మూడు అడుగులు టాయిలెట్‌కి, అర అడుగు గోడకి, నాలుగున్నర అడుగులు స్నానానికి పోతాయి, అంటే 15, 22 చదరపు అడుగులు వస్తాయి, లెక్క సరిపోతుంది.

లెక్క సరిపోయినా అందరికీ కుదరదు. తలుపు పొడవాటి ఎనిమిది అడుగుల గోడ వైపు ఉంటేనే రెండో తలుపు పక్కన పెట్టగలం, ఐదు అడుగుల వైపు ఉంటే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాల్సి వస్తుంది, అప్పుడు గోడ కట్టి ప్రయోజనం లేదు. కిటికీ ఒక్కటే ఉంటే రెండో గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి దారి చూడాలి. మూడు అడుగుల టాయిలెట్‌కి తలుపు బయటికి తెరవాలి, లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరిచే తలుపు వాళ్ళకే అడ్డం పడి తెరుచుకోదు. బేసిన్‌కి ఈ రెండు గదుల్లోనూ చోటు మిగలదు కాబట్టి అది ఎలాగూ బయటికి రావాల్సిందే.

బేసిన్ బయట ఎక్కడ

మూడు చోట్లు ఉంటాయి సాధారణంగా. డైనింగ్ దగ్గర, వెనక గిన్నెలు తోముకునే బాల్కనీలో, బాత్రూమ్ గోడకే బయటి వైపు నడవలో. డైనింగ్ దగ్గరది చేతులు కడుక్కోడానికి బాగుంటుంది, కానీ పొద్దున ఒకళ్ళు టిఫిన్ తింటుంటే పక్కన ఇంకొకళ్ళు నాలుక గీసుకుంటూ పుక్కిలిస్తుంటే ఎవరికీ బాగుండదు, పైగా దాంట్లో అన్నం మెతుకులు, నూనె చేతులు, తర్వాత వెంట్రుకలు కలిసి బాటిల్ ట్రాప్ తొందరగా మూసుకుపోతుంది. బాల్కనీలో అయితే నీళ్ళకీ డ్రైనేజీకీ సులువు, పైపులు అక్కడే ఉంటాయి, కానీ పొద్దున్నే అక్కడ పనమ్మాయి గిన్నెలు తోముతుంటుంది, వాషింగ్ మెషిన్ నడుస్తుంటుంది, చలికాలంలో, వానలో ముసలివాళ్ళు అక్కడికి పోలేరు.

నేను ఎక్కువగా చెప్పేది మూడోది. లోపల బేసిన్ ఏ గోడకి ఉందో అదే గోడకి వెనక వైపు, అంటే నడవ వైపు బిగించుకోవడం. నీళ్ళ పైపు అక్కడే ఉంది, గోడకి బెజ్జం వేసి ఇటు తిప్పితే చాలు. వేస్ట్ పైపు కూడా గోడలోంచి నేరుగా లోపలికి పోయి లోపలి వైపు కిందకి దిగి బాత్రూమ్ ట్రాప్‌లో కలుస్తుంది. నడవలో టైల్స్ తవ్వాల్సిన పని లేదు, అక్కడ నేల కింద పైపు పట్టేంత లోతు కూడా ఉండదు. కొంతమంది ప్లంబర్లు బయటి వైపు గోడనే అడ్డంగా చెక్కి పైపు తీసుకెళ్తామంటారు, నాలుగున్నర అంగుళాల గోడలో అడ్డంగా పొడుగ్గా గాడి కొడితే గోడ బలం పోతుంది, ఒప్పుకోవద్దు.

వేస్ట్ పైపు గురించి ఒక మాట, బేసిన్ కింద సన్నది ఉన్నా గోడ దాటాక నలభై మిల్లీమీటర్లకి తగ్గకుండా వేయించండి, వాటం ఉండాలి, పదునైన మలుపులు రెండు కన్నా ఎక్కువ వద్దు. నీళ్ళు వదిలినప్పుడు గుడగుడ శబ్దం వచ్చి నెమ్మదిగా దిగుతుంటే ఎక్కడో వాటం ఉల్టా ఉందనో, పైపులో గాలికి దారి లేదనో అర్థం. పైపుల పనిలో ఇదొక్కటీ టైల్స్ వేయకముందే చూసుకోవాలి, బేసిన్ నిండా నీళ్ళు పట్టి ఒక్కసారి వదిలి చూడాలి. ఇంకోటి, ఈ పైపుని కమోడ్ పోయే నాలుగు అంగుళాల పైపులోకి సులువుగా ఉందని నేరుగా కలిపేస్తుంటారు, మధ్యలో ట్రాప్ లేకుండా అలా కలిపితే డైనింగ్ దాకా కంపు వస్తుంది.

నడవ వెడల్పు కొలవండి. నాలుగు అడుగులు ఉంటే అడుగు ముందుకు వచ్చే బేసిన్ పెట్టినా మూడు అడుగులు నడవడానికి మిగులుతుంది. మూడున్నర ఉంటే పది అంగుళాలు దాటని సన్న బేసినో మూల బేసినో చూడండి. మూడు అడుగుల నడవలో వద్దు, రాత్రిపూట తొడకి కొట్టుకుంటుంది. అంచు ఎత్తు ముప్పై రెండు అంగుళాల దగ్గర పెడితే అందరికీ కుదురుతుంది, పిల్లలకి చిన్న స్టూల్ వేయాలి. బేసిన్ వెనక గోడకి రెండు అడుగుల ఎత్తు టైల్ వేయకపోతే పెయింట్ ఉబ్బుతుంది. బేసిన్ ముందు నేల మీద ఎప్పుడూ నాలుగు చుక్కలు పడతాయి, హాల్లో వేసే నున్నటి టైల్ మీద ఆ నాలుగు చుక్కలే ప్రమాదం, వెనక రబ్బర్ ఉన్న మ్యాట్ వేయండి లేదా ఆ మూడు అడుగుల వరకు గరుకు టైల్స్ మార్పించండి. అద్దం పక్కన ట్రిమ్మర్‌కి ప్లగ్ పెట్టించుకునేవాళ్ళు కుళాయికి దూరంగా పెట్టించి, ఆ లైన్‌కి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంప్‌ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

బయట బేసిన్ వల్ల తీరనివి కూడా ఉన్నాయి. బయట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోవాలంటే మళ్ళీ లోపలికే వెళ్ళాలి, టాయిలెట్ అయ్యాక చేతులు కడుక్కోడానికి తలుపు గడియ తడిచేత్తోనే తీయాలి. దీనికోసం లోపల కమోడ్ పక్కన చిన్న కుళాయి ఒకటి, సబ్బు పెట్టె ఒకటి ఉంచుకుంటే సరిపోతుంది.

మా పిన్ని వాళ్ళింట్లో ఏం చేశాం

విజయవాడలో మా పిన్ని వాళ్ళది సొంతిల్లు, కింద పోర్షన్, ఆరుగురు ఉంటారు, అందులో బాబాయి వాళ్ళమ్మగారు కర్ర పట్టుకుని నడుస్తారు. బాత్రూమ్ లోపల ఎనిమిది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు, తలుపు ఐదు అడుగుల వైపు. తలుపు పక్కనే బేసిన్, దాని కింద ట్రాప్, మధ్యలో కమోడ్, చివర కిటికీ కింద స్నానం. నేను పైన చెప్పిన తప్పు వాటమే, నీళ్ళు ఎనిమిది అడుగులూ పారి తలుపు దగ్గరికి వచ్చేవి, తలుపు చెక్క కింద అంగుళం మేర పుచ్చిపోయింది. తలుపు పొట్టి గోడకి ఉంది కాబట్టి రెండు గదులు చేయడం కుదరదు. పిన్ని గ్లాస్ కావాలంది, వాళ్ళందరూ బకెట్ స్నానమే, పైగా అమ్మగారికి స్నానం చేయించడానికి పిన్నే లోపలికి వెళ్ళాలి. ఆ మాటే చెప్పాను, వినింది.

చేసింది ఇది. కిటికీ వైపు మూడున్నర అడుగులు మాత్రమే పగలగొట్టించాం, మిగతా ఫ్లోర్ ముట్టుకోలేదు. చివరి మూలలో కొత్త ట్రాప్ పెట్టి గోడ అవతల ఉన్న డ్రైనేజీ చాంబర్‌లో కలిపాం, కింద పోర్షన్ కాబట్టి ఇది సులువైంది. కొత్త ఫ్లోర్ పాత దానికన్నా అర అంగుళం కిందకి మొదలై, అక్కడ నుంచి మూలకి ఇంకో అర అంగుళం పైచిలుకు దిగుతుంది. పాత ఫ్లోర్ వాటం తలుపు వైపు ట్రాప్‌కి అలాగే ఉంది. అంటే పెంకుటింటి కప్పులాగా మధ్యలో గీత దగ్గర ఎత్తు, అటు నీళ్ళు అటు, ఇటు నీళ్ళు ఇటు. గట్టు అవసరమే రాలేదు. అయితే పాత టైల్, కొత్త టైల్ కలిసే ఆ గీత దగ్గరే వాటర్‌ప్రూఫింగ్ ముఖ్యం, కొత్త కోటింగ్‌ని పాత టైల్ కిందకి నాలుగు అంగుళాలు దాటించి, గోడల మీద అడుగు ఎత్తు ఎక్కించి, ట్రాప్ నోరు గుడ్డతో మూసి ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి చూశాకే టైల్స్ వేయించాం. మట్టం గీత పెట్టి చూస్తే తెలుస్తుంది, నీళ్ళు ఆవిరికి కొద్దిగా తగ్గడం వేరు, కళ్ళముందే దిగిపోవడం వేరు.

బేసిన్‌ని అదే గోడకి నడవ వైపు బిగించాం, దాని వేస్ట్ పైపు లోపలి పాత ట్రాప్‌లోకే వస్తుంది కాబట్టి ఆ ట్రాప్ ఎప్పుడూ ఆరదు. లోపల బేసిన్ పోయిన చోట అమ్మగారు కర్రతో తిరగడానికి ఖాళీ వచ్చింది. కొత్త ఫ్లోర్ ముదురు రంగు గరుకు టైల్, పాతది తెలుపు, దిగుడు స్పష్టంగా కనపడుతుంది. గోడకి స్టీల్ రాడ్ ఒకటి, మధ్యలో స్క్రూలు కొట్టిన రాడ్‌కి కర్టెన్. అంతే.

ఇప్పుడు పొద్దున ఒకళ్ళు స్నానంలో ఉంటే ఇద్దరు బయట పళ్ళు తోముకుంటున్నారు, తలుపు దగ్గర నేల పొడిగా ఉంటుంది. స్నానంలో ఒకళ్ళు ఉండగా టాయిలెట్ అర్జెంటైతే మాత్రం ఇంకా ఆగాల్సిందే, అది ఆ ఇంటి తలుపు ఉన్న తీరుకి తీరేది కాదు, మేడ మీద చిన్న టాయిలెట్ కట్టుకోవాలని చూస్తున్నారు.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు ట్రాప్ మార్చాలంటే ముందు మీ బాత్రూమ్ స్లాబ్ దింపి కట్టారా లేదా కనుక్కోండి. దింపి కట్టి ఉంటే లోపలే పైపు తిప్పుకోవచ్చు. పైపులు కింది ఫ్లాట్ సీలింగ్‌లో వేలాడుతుంటే కొత్త ట్రాప్ కోసం స్లాబ్‌కి బెజ్జం వేయాల్సి వస్తుంది, అది వద్దు, కింద వాళ్ళ ఒప్పుకోలు లేకుండా అసలే వద్దు. అలాంటి చోట పాత ట్రాప్ ఉన్న వైపుకే స్నానం మార్చుకుని, కుళాయి, గీజర్ పైపులు అటు తిప్పించుకోవడం చవక. అద్దె ఇంట్లో అయితే కర్టెన్, నేలకి అంటించే రబ్బర్ గట్టు చాలు, రబ్బర్ గట్టు పెట్టేముందు మాత్రం పొడి వైపు ట్రాప్ ఉందో లేదో ఒక మగ్గు నీళ్ళు పోసి చూసుకోండి.